వారంటీ లెక్క ఏ రోజు నుంచి?

మార్చి మూడో వారం దాటిందంటే చిన్న ఆసుపత్రుల మెయిల్‌బాక్సుల్లో ఒక రకం ఉత్తరాలు ఎక్కువవుతాయి. పంపేది వైద్య పరికరాల డిస్ట్రిబ్యూటర్. ఆయన సేల్స్ మనుషుల ఏడాది టార్గెట్ మార్చి 31తో ముగుస్తుంది. ఇటు ఆసుపత్రి ఆడిటర్ కూడా కొనేదేదో ఈ నెలలోనే కొనేయమని చెబుతుంటాడు. ఈ రెండు తొందరల మధ్య పుడుతుంది ఆ ఈమెయిల్.

అలాంటిదొకటి తీసుకుని చదువుదాం. నరసరావుపేట లాంటి ఊళ్లో 20 పడకల ఆసుపత్రి. భార్యాభర్తలు నడుపుతున్నారు. ఆమె గైనకాలజిస్టు, ఆయన సర్జన్. ఉన్న స్కానింగ్ మిషన్‌కి ఎనిమిదేళ్లు. ఈ ఆసుపత్రి, ఈ అంకెలు లెక్క తేలడం కోసం ఊహించుకున్నవే. షరతుల మాటలు మాత్రం ఇలాంటి ఉత్తరాల్లో ఎప్పుడూ కనిపించేవే. అసలు ఉత్తరం ఇంగ్లిషులో ఉంటుంది, తెలుగు చేస్తే ఇలా ఉంటుంది:

"డాక్టర్ గారికి నమస్కారం. మా కొత్త కలర్ డాప్లర్ అల్ట్రాసౌండ్ మిషన్‌ను మీ ఆసుపత్రికే తెచ్చి ఉచితంగా డెమో ఇస్తాం. కావాలంటే వారం రోజులు మీ దగ్గరే ఉంచుతాం, వాడి చూడండి. ధర 12 లక్షలు, జీఎస్టీ అదనం. మార్చి 28 లోపు ఆర్డరిస్తే పాత మిషన్‌కు 75 వేలు ఎక్స్ఛేంజ్. ఇన్వాయిస్ తేదీ నుంచి 12 నెలల వారంటీ, ప్రోబ్‌లతో సహా. సర్వీస్ కాల్‌కు 24 గంటల్లో స్పందన, 95 శాతం అప్‌టైమ్, అవసరమైతే స్టాండ్‌బై మిషన్. వారంటీ అయ్యాక సీఎంసీ ఏడాదికి 6 శాతం."

మర్యాదగా, ముచ్చటగా ఉంది. ఇందులో అబద్ధం కూడా ఒక్కటీ లేదు. కానీ మొదటి రెండు వాక్యాల్లోనే చట్టం అడ్డొచ్చే మాట ఒకటుంది. దాన్ని పట్టించుకుంటే చివరన ఉన్న వారంటీ లెక్క తారుమారవుతుంది.

రక్తపోటు చూసే మానిటరో, సిరంజి పంపో అయితే డిస్ట్రిబ్యూటర్ కారు డిక్కీలో వేసుకొచ్చి వారం వదిలి వెళ్లినా అడిగేవారుండరు. స్కానింగ్ మిషన్ అలా కాదు. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పగల పరికరం కాబట్టి 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం, అంటే వాడుకలో పీసీ-పీఎన్‌డీటీ చట్టం, దాని మీద కన్నేసి ఉంచుతుంది. ఆ చట్టం కింద రిజిస్టర్ కాని చోటికి మిషన్‌ను అమ్మడమే కాదు, అద్దెకివ్వకూడదు, ఉచితంగా వాడుకోనివ్వనూ కూడదు. నిబంధనల్లో "డబ్బు తీసుకున్నా, తీసుకోకపోయినా" అన్న అర్థం వచ్చే మాట స్పష్టంగా ఉంది. ఉచిత డెమో కూడా అందులోకే వస్తుంది. అమ్మినవారు ఎవరెవరికి ఏ మిషన్ ఇచ్చారో మూడు నెలలకోసారి ప్రభుత్వానికి జాబితా పంపాలి. లాప్‌టాప్ అంత ఉండే పోర్టబుల్ మిషన్ల మీద పట్టు ఇంకా గట్టిది. 2012లో తెచ్చిన మార్పు ప్రకారం వాటిని రిజిస్టరైన ఆసుపత్రి ఆవరణలో అక్కడి ఇన్‌పేషెంట్లకు గానీ, సంచార వైద్యశాలలో గానీ తప్ప వాడకూడదు.

మన డాక్టరమ్మ ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ ఎప్పటినుంచో ఉంది. గోడకు అద్దం ఫ్రేములో ఫారం-బి వేలాడుతూ ఉంటుంది. అయితే దాని మీద రాసి ఉన్నది పాత మిషన్ వివరాలే. కొత్త పరికరం తెచ్చుకోవాలంటే 30 రోజుల ముందే జిల్లా అధికారికి తెలియజేసి, సర్టిఫికెట్ మార్పించుకోవాలి. మన జిల్లాల్లో ఈ కాగితం నడిచేది డీఎంహెచ్‌ఓ ఆఫీసు చుట్టూనే. వారం రోజుల డెమో కోసం వచ్చిన మిషన్ గదిలో ఉండగా తనిఖీ బృందం వస్తే, "ఇది మాది కాదండీ, కంపెనీవాళ్లు చూడమని పెట్టి వెళ్లారు" అన్న జవాబు చెల్లదు. ఫారం-బిలో లేని మిషన్ గదిలో దొరికింది, అంతే. సీజ్ చేసి తాళం వేస్తారు. ఆ తాళం ఎప్పుడు తీస్తారన్నది డాక్టరు చేతిలో ఉండదు, డిస్ట్రిబ్యూటర్ చేతిలో అసలే ఉండదు.

మరి చూడకుండా 12 లక్షలు ఎలా పెట్టడం? అదే మోడల్ ఇప్పటికే పెట్టుకున్న, రిజిస్ట్రేషన్ ఉన్న సెంటర్‌కు వెళ్లి చూడటం ఒక దారి. వీటిని వ్యాపారంలో రిఫరెన్స్ సైట్ అంటారు. నిజానికి ఆసుపత్రిలో డెమో కన్నా ఇదే మేలు. డెమోకు తెచ్చే మిషన్ ముస్తాబు చేసిన పెళ్లికూతురు లాంటిది. అన్ని సాఫ్ట్‌వేర్ ఆప్షన్లూ తెరిచి ఉంటాయి, వాటిలో కొన్ని గడువు తీరగానే మూసుకుపోయే డెమో లైసెన్సులు. కొటేషన్‌లో లేని ఖరీదైన ప్రోబ్ తగిలించి ఉంటుంది. పక్కన కంపెనీ అప్లికేషన్ స్పెషలిస్టు నిలబడి మీటలన్నీ తానే తిప్పుతుంటాడు. స్కాన్ చేయించుకునేది కూడా సన్నగా, బక్కగా ఉన్న కుర్రాడే. అలాంటి పొట్టలో ఏ మిషన్ అయినా కాలేయాన్ని అద్దంలా చూపిస్తుంది.

ఆరు నెలలుగా రోజూ నడుస్తున్న మిషన్ దగ్గర అసలు రంగు తెలుస్తుంది. గర్భిణుల జోలికి పోకుండా, ఆ సెంటర్‌కు వచ్చిన బొద్దుగా ఉన్న ఓ పెద్దాయనకు పొట్ట స్కాన్ చేస్తుంటే చూడమంటే చాలు. కొవ్వు పట్టిన కాలేయం వెనక భాగం, డయాఫ్రం గీత కనిపించే తీరు చూస్తే మిషన్ సత్తా బయటపడుతుంది. ఆ వెంటనే అక్కడి డాక్టర్‌ని పక్కకు పిలిచి, పోయిన వేసవిలో మిషన్ ఎన్నిసార్లు ఆగిందో అడగాలి. ఏ బ్రోషర్‌లోనూ దొరకని సమాచారం అది.

ప్రోబ్‌ను పరీక్షించే చిట్కా ఒకటి ఇంజినీర్లందరికీ తెలుసు, కొనేవాళ్లకే తెలియదు. పొట్ట మీద ఆనించే ఆ ప్రోబ్ ముఖంలో సన్నటి స్ఫటిక ముక్కలు వరుసగా పేర్చి ఉంటాయి. మామూలు ప్రోబ్‌లో 128 దాకా ఉంటాయి. ప్రోబ్ ఒకసారి కింద పడితే వాటిలో రెండో మూడో చచ్చిపోతాయి. బొమ్మ మాత్రం ఆగదు, కొద్దిగా మసకబారుతుందంతే, కాబట్టి నెలల తరబడి ఎవరూ గమనించరు. జెల్ తుడిచేసి, ప్రోబ్‌ను పొడిగా గాలిలో పట్టుకుంటే తెర పైభాగాన అడ్డంగా తెల్లటి చారలు కనిపిస్తాయి. చారలు ఈ చివరి నుంచి ఆ చివరికి తెగకుండా ఉంటే ప్రోబ్ బాగున్నట్టు. మధ్యలో నిలువుగా నల్లటి గీత పడిందంటే అక్కడ ముక్క పోయినట్టు. అనుమానం తీరాలంటే పేపర్ క్లిప్‌ను విప్పి, దాని తీగను ప్రోబ్ ముఖం మీద ఒక చివర నుంచి రెండో చివరకు మెల్లగా జరపాలి. తీగ ఉన్నచోటల్లా తెర మీద వెలుగు దానితోపాటే నడుస్తుంది, పోయిన ముక్క దగ్గరకు రాగానే ఆరిపోతుంది. రెండు నిమిషాల పని. ఇన్‌స్టలేషన్ రోజున ఒకసారి, వారంటీ ముగియడానికి నెల ముందు మరోసారి చేసి, తెరను ఫోటో తీసి పెట్టుకున్న ఆసుపత్రి తర్వాత ఎవరితోనూ వాదించాల్సిన పని ఉండదు.

ఇప్పుడు తేదీల దగ్గరకు వద్దాం. మార్చి 28న బిల్లు వేయించుకున్నారనుకుందాం. 12 లక్షలు, దానిపై 5 శాతం జీఎస్టీ 60 వేలు, మొత్తం 12,60,000. 2025 సెప్టెంబరు 22 నుంచి వైద్య పరికరాలపై పన్ను 5 శాతానికి తగ్గింది కాబట్టి ఇక్కడ కొంత ఊరట. కానీ ఆసుపత్రి వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది, కాబట్టి కట్టిన పన్నును వెనక్కు రాబట్టుకునే దారి లేదు. ఏ పన్నయినా ఖర్చు కిందే రాసుకోవాలి.

బిల్లు వచ్చింది గానీ మిషన్ రాలేదు, రాకూడదు కూడా. డీఎంహెచ్‌ఓ ఆఫీసులో కాగితం ఏప్రిల్‌లో పెట్టారు. తనిఖీ అయింది, సర్టిఫికెట్ మారి చేతికొచ్చేసరికి జూన్ మొదటి వారం. మిషన్ వచ్చి, ఇంజినీర్ బిగించి, మొదటి పేషెంటును చూసేసరికి జూన్ 12. మార్చి 28 నుంచి జూన్ 12 వరకు 76 రోజులు. ఇన్వాయిస్ తేదీ నుంచి 12 నెలలు అన్న షరతు ప్రకారం ఈ 76 రోజులూ మిషన్ డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లో థర్మకోల్ మధ్య పడుకుని ఉండగానే వారంటీ కరిగిపోయింది. ఏడాదిలో అయిదో వంతు కన్నా కొంచెం ఎక్కువే.

దీనికి రూపాయల్లో విలువ కట్టవచ్చు. వారంటీ అయ్యాక సీఎంసీ, అంటే విడిభాగాలతో సహా ఇచ్చే సర్వీస్ ఒప్పందం, ధరలో 6 శాతం అంటే 72 వేలు. మిషన్‌పై పన్ను 5 శాతమే అయినా సర్వీస్‌పై 18 శాతం, కాబట్టి ఇంకో 12,960. ఏడాదికి 84,960. ఆ లెక్కన 76 రోజులకు 17,700 దాకా అవుతుంది. మిషన్ ముఖం చూడకముందే పోయిన డబ్బిది. పాత మిషన్‌కు ఇస్తామన్న 75 వేలలో పావు వంతు దాదాపు ఇక్కడే తిరిగిపోయింది. (ఆ పాత మిషన్ కూడా అధికారులకు చెప్పకుండా గది దాటడానికి వీల్లేదు. ఆటోలో వేసి పంపేస్తే, రికార్డుల్లో అది ఇంకా డాక్టరమ్మ గదిలోనే ఉన్నట్టు.)

అన్నట్టు ఆడిటర్ తొందర కూడా ఇక్కడ అక్కరకు రాదు. తరుగుదల మినహాయింపు కావాలంటే బిల్లొక్కటే చాలదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మిషన్ వాడకంలోకి రావాలి. జూన్‌లో పెట్టిన మిషన్ మార్చి లెక్కల్లోకి ఎలా వస్తుంది?

ఈ చిక్కుకు వ్యాపారంలోనే పాత విరుగుడు ఉంది. "ఇన్‌స్టలేషన్ తేదీ నుంచి 12 నెలలు లేదా డిస్పాచ్ తేదీ నుంచి 15 నెలలు, ఏది ముందైతే అది" అని రాయించుకోవడం. డిస్పాచ్ అంటే గోడౌన్ గేటు దాటిన రోజు, బిల్లు వేసిన రోజు కాదు. ఆ మాట కూడా విడిగా రాయాలి. ఈ షరతుకు చాలామంది డిస్ట్రిబ్యూటర్లు పెద్దగా పేచీ పెట్టరు, ఎందుకంటే తయారీ కంపెనీ వాళ్లకు ఇచ్చే వారంటీ తరచూ ఇలాగే ఉంటుంది. ఈమెయిల్‌లో మాత్రం ఇన్వాయిస్ తేదీ అని వేస్తారు. అడిగినవాళ్లకు మారుస్తారు, అడగనివాళ్లకు అలాగే ఉంచుతారు.

వారంటీ ఇస్తున్నది ఎవరన్నది ఇంకో ముడి. ఉత్తరంలో "12 నెలల వారంటీ" అని మాత్రమే ఉంది. అది కంపెనీ వారంటీయా, డిస్ట్రిబ్యూటర్ సొంత హామీయా? రెండేళ్లకు డిస్ట్రిబ్యూటర్‌షిప్ వేరేవాళ్లకు మారితే, సొంత హామీ ఉత్తరం పట్టుకుని కొత్తవాళ్ల దగ్గరకు వెళ్లినా ఫలితం ఉండదు. మిషన్ సీరియల్ నంబరు, ప్రతి ప్రోబ్ సీరియల్ నంబరు రాసి, తయారీ కంపెనీ పేరున వారంటీ సర్టిఫికెట్ ఇన్‌స్టలేషన్ రోజునే తీసుకోవడం ఇందుకే. అమ్మేవారికి వైద్య పరికరాల అమ్మకానికి ఇచ్చే ఎండీ-42 రిజిస్ట్రేషన్ గానీ, హోల్‌సేల్ డ్రగ్ లైసెన్స్ గానీ ఉందేమో అప్పుడే చూసుకోవచ్చు.

సర్వీస్ మాటకొస్తే, ఉత్తరంలో ఉన్నది "24 గంటల్లో స్పందన". స్పందన వేరు, బాగుచేయడం వేరు. ఇంజినీర్ విజయవాడ నుంచి ఫోన్ చేసి "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడమ్" అన్నా స్పందించినట్టే. విడిభాగం చెన్నై నుంచో బెంగళూరు నుంచో వచ్చేదాకా మిషన్ మీద గుడ్డ కప్పే ఉంటుంది. అప్పుడు 95 శాతం అప్‌టైమ్ హామీని తిరగేసి చదవాలి. 365 రోజుల్లో 5 శాతం అంటే 18 రోజుల పైచిలుకు. అన్ని రోజులు మిషన్ ఆగిపోయినా డిస్ట్రిబ్యూటర్ మాట తప్పినట్టు కాదు. 98 శాతం అయితే అది వారం రోజులకు దిగుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల పరికరాల నిర్వహణకు జాతీయ ఆరోగ్య మిషన్ పెట్టిన పథకంలోనూ జిల్లా ఆసుపత్రులకు 95 శాతమే కోరారు. కాకపోతే జిల్లా ఆసుపత్రిలో ఇంకో మిషన్ ఉండొచ్చు. ఇరవై పడకల చోట ఉండేది ఒక్కటే.

పైగా ఆగిన రోజుల లెక్క ఎప్పుడు మొదలవుతుందో కూడా చూడాలి. ఇంజినీర్‌కు వాట్సాప్‌లో "అన్నా, మిషన్ ఆన్ అవట్లేదు" అని పెట్టిన గంట నుంచి కాదు, కాల్‌సెంటర్‌లో కంప్లయింట్ నంబరు పడిన గంట నుంచి. ఇంజినీర్ ఎంత మంచివాడైనా, ఎంత చనువున్నా, నంబరు లేని కంప్లయింట్ ఏ రికార్డులోనూ ఉండదు. ప్రభుత్వ టెండర్లలో, హామీకి మించి ఆగిన ప్రతి రోజుకు రెండు రోజులు వారంటీ పొడిగించాలన్న షరతు తరచూ కనిపిస్తుంది. చిన్న ఆసుపత్రులు కూడా దాన్ని అడగవచ్చు. డబ్బు రూపంలో జరిమానా అంటే డిస్ట్రిబ్యూటర్ ముఖం చిట్లిస్తాడు గానీ, రోజులు కలపమంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

ఇక ఆ స్టాండ్‌బై మిషన్. ఈపాటికి చదువరులకు అర్థమయ్యే ఉంటుంది. ఫారం-బిలో లేని మిషన్ డెమోకు రాకూడదంటే, స్టాండ్‌బైకీ రాకూడదు. ఈ ఉత్తరం తయారుచేసిన సేల్స్ మేనేజర్ వెంటిలేటర్లకు వాడే నమూనానే స్కానింగ్ మిషన్‌కూ అతికించి ఉంటాడు. కాగితం మీద అందంగా కనిపించే ఈ హామీ వాడుకోవడానికి వీల్లేనిది. దాని బదులు ఎక్కువగా పాడయ్యే పవర్ సప్లై, కీబోర్డ్ లాంటి భాగాలు విజయవాడలోనే నిల్వ ఉంచమని అడగడం పనికొచ్చే బేరం.

ఏడాదికి రెండుసార్లో నాలుగుసార్లో వచ్చే ముందస్తు సర్వీసులో కూడా చూడాల్సింది ఉంది. వచ్చిన ఇంజినీర్ మిషన్ వెనకో అడుగునో ఉండే గాలి ఫిల్టర్ తీశాడా లేదా అన్నది ఒక్కటి గమనిస్తే చాలు. పల్నాడు వేసవిలో, ఏసీ ఆపేసి కిటికీ తెరిచే గదిలో, ఆ ఫిల్టర్‌పై మూడు నెలల్లో బూజు రంగు దుమ్ము దుప్పటిలా పరుచుకుంటుంది. ఫ్యాన్‌కు గాలి ఆడదు, లోపల వేడెక్కి మిషన్ మధ్యలో ఆగిపోతుంది. దాన్ని తీసి కడగకుండా, తెర తుడిచి, టీ తాగి, సర్వీస్ రిపోర్టుపై సంతకం పెట్టించుకుపోయే ఇంజినీర్లూ ఉంటారు.

వారంటీలో "భౌతిక నష్టం" ఉండదన్న సంగతి ఉత్తరంలో లేదు, దానికి జోడించిన పీడీఎఫ్ మూడో పేజీలో ఉంది. ప్రోబ్ కింద పడటం, నీళ్లు, హెచ్చు వోల్టేజీ, బయటివాళ్లు మూత విప్పడం, ఎలుక కొట్టడం అన్నీ అందులోకే వస్తాయి. వోల్టేజీ గొడవ వచ్చినప్పుడు ఇంజినీర్ ముందుగా మల్టీమీటర్ తీసి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎంత ఉందో చూస్తాడు. సాధారణంగా రెండు మూడు వోల్టులకు మించకూడదంటారు. ఎర్త్ గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి నీళ్లు పోయడం మరిచిపోయిన ఆసుపత్రుల్లో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ అంకె రిపోర్టులో పడిందంటే కాలిపోయిన బోర్డు ఖర్చు ఎవరిదో తేలిపోయినట్టే. ఇన్‌స్టలేషన్ రోజున అదే కొలత రాయించి, ఇంజినీర్ సంతకం తీసుకుని ఉంటే కథ వేరుగా ఉంటుంది.

ఎలుకల సంగతి నవ్వులాటగా అనిపించవచ్చు గానీ ప్రోబ్ కేబుళ్లకు ఎలుకలు పెద్ద శత్రువులు. జెల్ అంటుకున్న వైరు రాత్రంతా నేల మీద వేలాడుతుంటే వాటికి పండగే. ఆ కేబుల్ లోపల వెంట్రుకల్లాంటి తీగలు పదుల కొద్దీ ఉంటాయి. నాలుగు తెగినా ప్రోబ్ మార్చమంటారు. ప్రోబ్ ధర మొత్తం మిషన్ ధరలో చిన్న భాగమేమీ కాదు.

ఇవన్నీ ఆలోచించి డాక్టరమ్మ రాసిన జవాబు ఈమెయిల్ పొట్టిగా ఉంది. "డెమోకు మిషన్ తేవద్దు. ఇదే మోడల్ వాడుతున్న రెండు రిజిస్టర్డ్ సెంటర్ల పేర్లు పంపండి, మేమే వెళ్లి చూస్తాం. ఫారం-బి మారాకే బిల్లు, డెలివరీ. వారంటీ ఇన్‌స్టలేషన్ నుంచి 12 నెలలు, కంపెనీ పేరున, మూడు ప్రోబ్‌ల సీరియల్ నంబర్లతో. అప్‌టైమ్ 98 శాతం, మించి ఆగిన రోజుకు రెండు రోజుల పొడిగింపు. స్టాండ్‌బై అక్కర్లేదు. సీఎంసీ ధర అయిదేళ్లకు ఇప్పుడే రాసివ్వండి, ప్రోబ్‌లు ఉన్నాయో లేవో స్పష్టంగా చెప్పండి. ఎలుక కొట్టినా వారంటీ ఇవ్వగలరా?"

రెండు రోజులకు డిస్ట్రిబ్యూటర్ జవాబు వచ్చింది. ఎక్స్ఛేంజ్ 75 వేలు మార్చితోనే అయిపోతుందని మొదట అన్నాడు, తర్వాత జూన్ దాకా పొడిగించాడు. వారంటీ తేదీకి ఒప్పుకున్నాడు. 98 శాతం కుదరదు, 96 చేస్తానన్నాడు. రోజుకు రెండు రోజుల పొడిగింపు సరేనన్నాడు. సీఎంసీలో ఏడాదికి ఒక ప్రోబ్ మాత్రమే కలుపుతానని, అప్పుడు 6 కాదు 7 శాతం అవుతుందని రాశాడు. ఎలుకల గురించి మాత్రం, "మేడమ్, కేబుళ్లు నేలకు తగలకుండా వేలాడదీసే హుక్కుల స్టాండ్ ఒకటి ఫ్రీగా ఇస్తాం" అన్నాడు. ఆ స్టాండ్ కూడా కొటేషన్‌లో ఒక వరుసగా చేర్చమని ఆమె తిరిగి రాసింది.